కస్టమర్ కట్టిన డబ్బు మన ఖాతాకు ఎప్పుడు, ఎలా చేరుతుంది: సెటిల్‌మెంట్ లెక్క చూసుకునే పద్ధతి

ఒక మంగళవారం ఉదయం మా బాబాయ్ ఫోనుకు బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. ఖాతాలో రూ.10,074.80 జమ అయిందని. ఆయనది కడియం దగ్గర మొక్కల నర్సరీ. గులాబీలు, మామిడి అంట్లు, ఇంట్లో పెంచే కుండీ మొక్కలు సొంత వెబ్‌సైటులో పెట్టి ఊరూరికీ పంపిస్తారు. శుక్ర, శని, ఆదివారాల్లో వచ్చిన ఆర్డర్లను పుస్తకంలో కూడితే రూ.11,020 అయింది. “తొమ్మిది వందల నలభై అయిదు రూపాయల ఇరవై పైసలు ఎటు పోయాయి అమ్మాయ్? పైగా శుక్రవారం కట్టిన డబ్బు మంగళవారం దాకా ఎక్కడుంది?” అని నాకు ఫోను చేశారు.

రెండూ సరైన ప్రశ్నలే. చుట్టుపక్కల నర్సరీల లెక్కలు రాసే పనిలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్నలు కూడా ఇవే. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు. ప్రతి పైసా ఎక్కడుందో కాగితం మీద చూపించవచ్చు. అది ఎలా చూసుకోవాలో ఆ మంగళవారం జమనే పట్టుకుని చెబుతాను. మీరు అమ్మేది పూతరేకులైనా, నరసాపురం లేసు అయినా, సొంత వెబ్‌సైటులోనో పేమెంట్ లింకుతోనో అమ్ముతుంటే పద్ధతి ఇదే.

ముందుగా, మీ డబ్బు ఏ దారిన వస్తోందో తెలుసుకోండి

కస్టమర్ నేరుగా మీ ఫోను నంబరుకో, మీ సొంత యూపీఐ ఐడీకో పంపితే అది ఒక వ్యక్తి ఖాతా నుంచి మరో వ్యక్తి ఖాతాకు వెళ్లిన డబ్బు. క్షణాల్లో మీ ఖాతాలో పడుతుంది. అక్కడ సెటిల్‌మెంట్ కోసం మీరు ఎదురు చూడాల్సింది ఏమీ లేదు. బ్యాంకులు తమలో తాము లెక్క తేల్చుకోవడం తరువాత జరుగుతుంది, కానీ మీ బ్యాంకు ఆలోపే మీకు జమ చేసేస్తుంది.

వెబ్‌సైటులో “డబ్బు కట్టండి” అనే బటన్ నొక్కితే నడిచే దారి వేరు. మధ్యలో పేమెంట్ అగ్రిగేటర్ ఉంటుంది. మనం వాడుకలో గేట్‌వే అనేది దీన్నే. కస్టమర్ కట్టిన డబ్బు ముందుగా ఈ సంస్థ ఒక బ్యాంకులో తెరిచిన ఎస్క్రో ఖాతాలోకి వెళుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వ్యాపారుల డబ్బును ఆ సంస్థ తన సొంత డబ్బుతో కలపకూడదు, ఇలా విడిగా ఎస్క్రోలోనే ఉంచాలి. అక్కడి నుంచి ఒప్పందంలో రాసుకున్న గడువుకు, అన్ని అమ్మకాలూ కలిపి ఒకే మొత్తంగా మీ ఖాతాకు పంపుతుంది. ఆ పంపడమే సెటిల్‌మెంట్.

అందుకే కస్టమర్ ఫోనులో ఆకుపచ్చ టిక్ పడగానే డబ్బు మీకు చేరినట్లు కాదు. కస్టమర్ బ్యాంకు సరేనందని, ఆ డబ్బు మీకు రావలసి ఉందని మాత్రమే ఆ టిక్ చెబుతుంది. కార్డు అయితే ఇంకా దూరం. కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు, గేట్‌వే తరఫున డబ్బు తీసుకునే బ్యాంకు, వీటన్నిటి మధ్య లెక్క తేలాకే ఎస్క్రోలో డబ్బు కనబడుతుంది. మన పొలానికి నీరు ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ప్రధాన కాలువలో, అక్కడి నుంచి పిల్ల కాలువలో, తరువాత బోదెలో వచ్చినట్లే ఇది కూడా. ఎగువన తలుపు ఎత్తిన నిమిషానికే మన గట్టు దగ్గర నీరు కనిపించదు.

దుకాణం బల్ల మీద పెట్టుకునే క్యూఆర్ స్టిక్కర్ ఈ రెండు రకాల్లో ఏదైనా కావచ్చు. కొన్ని వెంటనే జమ చేస్తాయి, కొన్ని మరుసటి రోజు ఉదయం మొత్తం కలిపి వేస్తాయి. వంద రూపాయలు కట్టి చూడండి, పాస్‌బుక్కులో ఎవరి పేరుతో, ఎప్పుడు పడిందో చూస్తే తేలిపోతుంది.

మొదటి అమ్మకానికి ముందే ఖాతా వివరాలు సరిచూసుకోండి

సెటిల్‌మెంట్ ఆగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. గేట్‌వేలో మీరు నమోదు చేసిన పేరు, పాన్ కార్డులోని పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు మూడూ సరిపోవాలి. మన వైపు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మామూలే. నర్సరీ పేరుతో వెబ్‌సైటు, కొడుకు పేరుతో పాన్, తండ్రి పేరుతో పొదుపు ఖాతా ఇచ్చిన కుటుంబాలనూ చూశాను. కస్టమర్లు డబ్బు కడుతూనే ఉంటారు, అది ఎస్క్రోలో పేరుకుంటూనే ఉంటుంది, మీ ఖాతాకు మాత్రం కదలదు.

రెండోది ఐఎఫ్ఎస్‌సీ కోడ్. మన జిల్లాల్లో చాలామందికి ఆంధ్రా బ్యాంకు ఖాతాలుండేవి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పాత పాస్‌బుక్కు చూసి `ANDB`తో మొదలయ్యే కోడ్ రాస్తే అది ఇప్పుడు చెల్లదు. మీ శాఖ కొత్త కోడ్ `UBIN`తో మొదలవుతుంది. పాస్‌బుక్కు పాతదైతే శాఖకు వెళ్లి అడిగి రాయండి.

ఖాతా సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి గేట్‌వేలు సాధారణంగా ఒక్క రూపాయి పంపి చూస్తాయి. అది పడగానే ఖాతాదారు పేరు వాళ్లకు తిరిగి వస్తుంది. ఆ రూపాయి మీ ఖాతాలో పడిందో లేదో మీరూ చూసుకోండి. ఆ తరువాత మీరే ఒక చిన్న ఆర్డరు పెట్టి, డబ్బు కట్టి, అది తిరిగి మీ ఖాతాకు వచ్చేదాకా వేచి చూడండి. పండగ గిరాకీ మొదలయ్యాక తప్పు తెలియడం కన్నా ఇది ఎంతో నయం.

రోజులు లెక్కపెట్టడం

ఒప్పందం కాగితంలో `T+2` లాంటి గుర్తు ఉంటుంది. T అంటే కస్టమర్ డబ్బు కట్టిన రోజు. 2 అంటే ఆ తరువాతి రెండో పనిదినం. ఇక్కడ పనిదినం అన్న మాటను వదిలేసి లెక్కపెట్టడం వల్లే సగం గొడవలు వస్తాయి. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి రాత్రింబవళ్లు, సెలవుల్లో కూడా నడుస్తోంది కదా, మరి డబ్బు ఎందుకు ఆగింది అని అడుగుతారు. నెఫ్ట్ నడుస్తుంది, నిజమే. కానీ గేట్‌వే మీకు డబ్బు పంపేది ఒప్పందంలోని గడువు ప్రకారం. ఆ గడువును చాలా ఒప్పందాలు బ్యాంకు పనిదినాల్లోనే రాస్తాయి.

ఇప్పుడు బాబాయ్ వారాన్ని లెక్కపెడదాం. ఆ శనివారం నెలలో రెండో శనివారం, బ్యాంకు సెలవు. శుక్రవారం కట్టిన డబ్బుకు శని, ఆదివారాలు లెక్కలోకి రావు. సోమవారం ఒకటి, మంగళవారం రెండు. శనివారం కట్టిన డబ్బుకూ సోమవారం ఒకటి, మంగళవారం రెండు. ఆదివారానికీ అంతే. మూడు రోజుల అమ్మకాలూ మంగళవారమే, ఒకే జమగా వచ్చాయి. సోమవారం కట్టినది బుధవారం వస్తుంది. అంటే మంగళవారం నిండుగా, బుధవారం పలచగా కనిపిస్తుంది. అమ్మకాలు పడిపోయాయని కంగారు పడాల్సిన పని లేదు.

మొదటి, మూడో శనివారాలు బ్యాంకులు పనిచేస్తాయి. వాటిని మీ గేట్‌వే పనిదినంగా లెక్కిస్తుందో లేదో ఒప్పందంలో చూసుకోండి. అలాగే బ్యాంకు సెలవుల జాబితా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. గేట్‌వే కార్యాలయం, దాని ఎస్క్రో బ్యాంకు బెంగళూరులోనో ముంబైలోనో ఉంటే అక్కడి సెలవు మీ డబ్బును ఆపవచ్చు, రావులపాలెంలో బ్యాంకు తెరిచే ఉన్నా సరే.

ఈ లెక్క కూలీల బట్వాడాకు ముడిపడి ఉంటుంది. బాబాయ్ కూలీలకు శనివారం సాయంత్రం డబ్బులిస్తారు. రెండో శనివారం నాటికి ఆయన చేతిలో ఉండే సెటిల్‌మెంట్ బుధవారం దాకా జరిగిన అమ్మకాలదే. గురువారం అమ్మకాలకు శుక్రవారం ఒకటి, సోమవారం రెండు, కాబట్టి అవి సోమవారం గానీ రావు. ఇది తెలిశాక ఆయన మట్టి, కోకోపీట్ కొనుగోళ్లను బుధవారానికి మార్చుకున్నారు. వెంటనే డబ్బు పంపే సౌకర్యాన్ని చాలా గేట్‌వేలు అదనపు రుసుముకు ఇస్తాయి. అత్యవసరానికి మంచిదే. కానీ ప్రతిరోజూ వాడితే ఆ చిన్న శాతం నెల చివరికి ఒక కూలీ జీతమంత కావచ్చు. మీ సంఖ్యలు పెట్టి చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.

ఆ రూ.945.20 ఎటు పోయింది

గేట్‌వే డాష్‌బోర్డు తెరిచి సెటిల్‌మెంట్ల పేజీకి వెళ్లండి. ప్రతి జమకూ ఒక సెటిల్‌మెంట్ నంబరు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ మొత్తంలో ఏయే చెల్లింపులు కలిశాయో వరుసగా కనిపిస్తాయి. బాబాయ్ మంగళవారం జమలో ఉన్నవి ఇవి:

శుక్రవారం, యూపీఐ: రూ.650
శుక్రవారం, యూపీఐ: రూ.1,280
శనివారం, క్రెడిట్ కార్డు: రూ.4,500
శనివారం, యూపీఐ: రూ.940
ఆదివారం, యూపీఐ: రూ.1,150
ఆదివారం, క్రెడిట్ కార్డు: రూ.2,500

మొత్తం రూ.11,020. పుస్తకంలోని లెక్కతో సరిపోయింది. ముందుగా చూడవలసింది ఇదే. పైమొత్తమే సరిపోకపోతే ఏదో ఆర్డరు తప్పిపోయిందన్నమాట, రుసుముల జోలికి వెళ్లక్కరలేదు.

ఇక కోతలు. బాబాయ్ ఒప్పందంలో యూపీఐకి రుసుము లేదు, కార్డుకు 2 శాతం. రెండు కార్డు చెల్లింపులు కలిపి రూ.7,000, దానిపై 2 శాతం అంటే రూ.140. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ, రూ.25.20. ఇక్కడ చాలామంది తడబడతారు. జీఎస్టీ పడేది రూ.7,000 మీద కాదు, రూ.140 మీద. రెండూ కలిపి రూ.165.20.

ఇంకా రూ.780 తేలాలి. డాష్‌బోర్డులో ఆరు చెల్లింపుల కింద ఏడో వరుస ఉంది, ముందు మైనస్ గుర్తుతో. అంతకు ముందు వారం విజయనగరం వెళ్లిన పెట్టెలో సగం గులాబీ మొక్కలు దారిలో వాడిపోయాయి. కస్టమర్ ఫోటోలు పంపితే బాబాయ్ సోమవారం ఫోనులోనే రూ.780 తిరిగి ఇచ్చేశారు. ఇచ్చి మరచిపోయారు. రిఫండ్ బటన్ నొక్కినప్పుడు ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలోంచి పోదు. మీకు ఇంకా రావలసిన డబ్బులోంచి గేట్‌వే దాన్ని మినహాయించుకుంటుంది. అందుకే పాత వారం అమ్మకానికి తిరిగి ఇచ్చిన డబ్బు ఈ వారం జమలో తగ్గుతుంది, బ్యాంకు పుస్తకంలో రిఫండ్ అన్న మాటే కనిపించదు.

11,020 లోంచి 165.20, ఆపైన 780 తీసేస్తే 10,074.80. పైసాతో సహా సరిపోయింది. “ఓహో, ఆ గులాబీలా!” అన్నారు బాబాయ్. ఆయన గొంతులో తేలిక నాకు ఫోనులోనే తెలిసింది.

రిఫండ్ గురించి రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, మొదట అమ్మినప్పుడు తీసుకున్న రుసుమును చాలా గేట్‌వేలు తిరిగి ఇవ్వవు. కార్డు మీద అమ్మి, మొత్తం తిరిగి ఇచ్చేస్తే ఆ 2 శాతం మీ చేతి నుంచే పోయినట్లు. అందుకని వాడిపోయిన మొక్కలకు బదులు కొత్తవి పంపడమా, డబ్బు ఇవ్వడమా అన్నది ఆలోచించి తేల్చుకోండి. రెండోది, రావలసిన నిల్వ కన్నా రిఫండ్ ఎక్కువైతే అది వెంటనే వెళ్లకుండా ఆగిపోవచ్చు. బుధవారం లాంటి పలచటి రోజున పెద్ద రిఫండ్ నొక్కి, కస్టమర్‌కు “పంపేశాను” అని మాట ఇవ్వకండి. అది పూర్తయినట్లు డాష్‌బోర్డులో చూశాక చెప్పండి. అప్పటి నుంచి కూడా కార్డు ఖాతాలో కనబడడానికి సాధారణంగా అయిదు నుంచి ఏడు పనిదినాలు పడుతుంది.

యూపీఐ ఉచితం కదా, మాకెందుకు కోస్తున్నారని కొందరు అడుగుతారు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి నుంచి ఎండీఆర్ అనే చెల్లింపు రుసుము వసూలు చేయకూడదన్నది నిజం. కానీ వెబ్‌సైటుకు సాంకేతిక సౌకర్యం ఇచ్చినందుకు గేట్‌వే విడిగా రుసుము పెట్టే ఒప్పందాలున్నాయి. మీది ఎలాంటిదో సంతకం చేసిన కాగితమే చెబుతుంది. దేని మీద ఎంత అన్నది పద్ధతివారీగా రాయించుకోండి.

రుసుము మీద కట్టిన జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే. జీఎస్టీ పడే సరుకు అమ్మే నమోదైన వ్యాపారి ఆ రూ.25.20ను తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తగ్గించుకోవచ్చు. మొక్కల మీద జీఎస్టీ లేదు, కాబట్టి మొక్కలు మాత్రమే అమ్మే నర్సరీకి ఆ క్రెడిట్ రాదు. అది ఖర్చే. ధర పెట్టేటప్పుడు 2 శాతం కాకుండా 2.36 శాతంగా వేసుకోండి.

డబ్బు కట్టామంటారు, మనకు కనిపించదు

వారానికోసారైనా ఇలాంటి ఫోను వస్తుంది. కస్టమర్ ఖాతాలో డబ్బు తగ్గింది, మీ డాష్‌బోర్డులో మాత్రం ఆ చెల్లింపు `Failed` అని ఉంది. కస్టమర్ స్క్రీన్‌షాట్ పంపిస్తారు, అందులో 12 అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని పట్టుకుని మీ పాస్‌బుక్కులో వెతకకండి, దొరకదు. ఆ సంఖ్య కస్టమర్ బ్యాంకు నుంచి గేట్‌వే దాకా జరిగిన ప్రయాణానిది. మీ పాస్‌బుక్కులో ఉండేది గేట్‌వే నుంచి మీ ఖాతాకు జరిగిన ప్రయాణానిది, అంటే సెటిల్‌మెంట్ యూటీఆర్. ఆరుగురు కస్టమర్ల ఆరు సంఖ్యలు ఒక్క యూటీఆర్ కిందికి చేరతాయి. ఈ తేడా తెలియక బ్యాంకు కౌంటర్ దగ్గర గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. 12 అంకెల సంఖ్యను డాష్‌బోర్డులోని వెతికే గడిలో వేయండి, లేదా గేట్‌వే సహాయ విభాగానికి పంపండి.

నిజంగానే డబ్బు మధ్యలో ఆగి ఉంటే అది వెనక్కి వెళ్లిపోతుంది. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపులో కస్టమర్ ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారి వైపు నిర్ధారణ రాకపోతే T+5 రోజుల్లోగా తానంతట అదే తిరిగి జమ కావాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున కస్టమర్‌కు పరిహారం ఇవ్వాలి. కస్టమర్‌కు ఈ మాట చెబితే చాలావరకు శాంతిస్తారు. మీరు మీ జేబులోంచి తిరిగి ఇచ్చేయకండి, రెండుసార్లు ఇచ్చినట్లవుతుంది. డాష్‌బోర్డులో డబ్బు అందినట్లు కనబడేదాకా పెట్టె కట్టకండి, స్క్రీన్‌షాట్ ఎంత స్పష్టంగా ఉన్నా సరే.

కార్డు చెల్లింపుల్లో ఇంకో చిక్కు ఉంది. `Authorized` అని కనిపిస్తే కస్టమర్ కార్డులో ఆ మొత్తాన్ని పక్కన పెట్టారని మాత్రమే అర్థం. `Captured` అయితేనే అది సెటిల్‌మెంట్ వరుసలోకి వస్తుంది. చాలా గేట్‌వేల్లో ఈ రెండో అడుగు తానే జరిగేలా ఒక మీట ఉంటుంది. అది ఆపి ఉంటే ప్రతి ఆర్డరుకూ మీరే నొక్కాలి. కొన్ని రోజుల్లోగా నొక్కకపోతే డబ్బు కస్టమర్‌కే తిరిగి వెళ్లిపోతుంది. తెలిసినవారి లేసు దుకాణంలో ఇలాగే జరిగింది. వెబ్‌సైటు చేసిచ్చిన కుర్రాడు ఆ మీటను ఆపి ఉంచాడు. వాళ్లు `Authorized` చూసి సరుకు పంపేశారు. మూడు ఆర్డర్ల డబ్బు వెనక్కి పోయిన తరువాత, కస్టమర్లను ఒక్కొక్కరినే బతిమాలి తిరిగి కట్టించుకోవలసి వచ్చింది. ముగ్గురూ మంచివాళ్లు కాబట్టి కట్టారు. ఈ రోజే మీ డాష్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ మీట ఎలా ఉందో చూడండి.

గడువు దాటినా రాకపోతే ఎవరిని అడగాలి

ముందుగా డాష్‌బోర్డులో ఆ సెటిల్‌మెంట్‌కు యూటీఆర్ ఉందో లేదో చూడండి. ఎవరిని అడగాలో దాన్ని బట్టే తేలుతుంది.

యూటీఆర్ ఉంటే గేట్‌వే డబ్బు పంపేసింది. ఆ సంఖ్యతో మీ బ్యాంకుకు వెళ్లండి. ఖాతా ఏదైనా కారణంతో స్తంభించి ఉందా, కేవైసీ గడువు దాటిందా అని అడగండి. ఒక్కోసారి మీరు ఎప్పుడో నమోదు చేసి మరచిపోయిన పాత ఖాతాకు వెళ్లి ఉంటుంది, ఖాతా చివరి నాలుగు అంకెలు డాష్‌బోర్డులో చూసుకోండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ముప్పై రోజులైనా బ్యాంకు జవాబు ఇవ్వకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in`లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు.

యూటీఆర్ లేకపోతే బ్యాంకుకు వెళ్లి లాభం లేదు, డబ్బు ఇంకా ఎస్క్రోలోనే ఉంది. గేట్‌వేను అడగండి. కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి: కాగితాలు ఏవో తిరిగి అడిగారు, మీరు చూడని ఈమెయిలులో ఆ సంగతి ఉంది. లేదా అమ్మకాలు ఒక్కసారిగా పెరిగి తనిఖీకి ఆపారు. కార్తీక మాసంలో ఉసిరి, తులసి మొక్కలకు గిరాకీ వచ్చి రోజుకు అయిదు ఆర్డర్లు యాభై అయితే యంత్రానికి అది అనుమానంగా కనబడవచ్చు. అలాంటి గిరాకీ వస్తుందని ముందే తెలుసు కాబట్టి, వారం ముందుగా గేట్‌వేకు ఒక ఈమెయిలు రాసి ఉంచండి. మూడో కారణం చార్జ్‌బ్యాక్.

చార్జ్‌బ్యాక్ అంటే సరుకు అందలేదనో, ఆ చెల్లింపు నేను చేయలేదనో కస్టమర్ మిమ్మల్ని కాకుండా తన కార్డు బ్యాంకును అడగడం. ఆ మొత్తాన్ని గేట్‌వే మీకు రావలసిన డబ్బులోంచి ఆపుతుంది, జవాబుకు కొద్ది రోజులే గడువు ఇస్తుంది. కొరియర్ రసీదు, అందినట్లు సంతకం, పెట్టె కట్టేముందు తీసిన ఫోటో, కస్టమర్‌తో జరిగిన సందేశాలు ఇవే మీ ఆధారాలు. గడువులోగా పంపకపోతే మీరు ఒప్పుకున్నట్లే, డబ్బు పోయినట్లే. బాబాయ్ ఇప్పుడు ప్రతి పెట్టెనూ మూత వేయక ముందు, ఆర్డరు నంబరు రాసిన చీటీ మొక్కల మధ్య పెట్టి ఫోటో తీస్తారు. అర నిమిషం పని. సెటిల్‌మెంట్ వచ్చేసిన తరువాత కూడా చార్జ్‌బ్యాక్ రావచ్చు కాబట్టి ఆ ఫోటోలను ఆరు నెలలైనా తీసేయకండి.

పుస్తకంలో రాసుకునే తీరు

బాబాయ్ పాత పుస్తకంలో రెండు గడులే ఉండేవి: ఆర్డరు మొత్తం, అందిన డబ్బు. వెబ్‌సైటు అమ్మకాలకు ఇది సరిపోదు. ఎందుకంటే ఆర్డరు ఒక రోజు, డబ్బు మరో రోజు, అదీ వేరే మొత్తంగా వస్తుంది. ఇప్పుడు ఆయనతో ఇలా రాయిస్తున్నాను. ఆర్డరు వచ్చిన రోజునే పూర్తి ధర అమ్మకంగా రాస్తారు, పక్కన “గేట్‌వే దగ్గర ఉంది” అని గుర్తు పెడతారు. జమ వచ్చిన రోజున సెటిల్‌మెంట్ నంబరు, యూటీఆర్ రాసి, అందులో కలిసిన ఆర్డర్లన్నిటికీ టిక్ పెడతారు. రుసుము, దాని జీఎస్టీ ఖర్చు గడిలోకి, రిఫండ్ అమ్మకాల వాపసు గడిలోకి వెళతాయి. టిక్ లేకుండా మిగిలిన ఆర్డర్ల మొత్తం, డాష్‌బోర్డులో చూపించే రావలసిన నిల్వ ఏ రోజైనా దగ్గరగా సరిపోవాలి. నాలుగు పనిదినాలు దాటినా టిక్ పడని ఆర్డరు కనిపిస్తే, ఆ ఒక్కదాన్ని పట్టుకుని అడగాలి.

బ్యాంకులో పడిన రూ.10,074.80నే అమ్మకంగా రాసేవాళ్లు చాలామంది. అది తప్పు. అమ్మకం రూ.11,020. తక్కువ రాస్తే గేట్‌వే ఏడాది చివర ఇచ్చే నివేదికకూ మీ లెక్కకూ పొంతన ఉండదు, ఖర్చుగా చూపించుకోగలిగిన రుసుము కూడా కనబడకుండా పోతుంది.

ఈ తేడా అన్నిటికన్నా స్పష్టంగా బయటపడేది మార్చి చివరి వారంలో. 30, 31 తేదీల్లో అమ్మినవాటికి డబ్బు ఏప్రిల్‌లో వస్తుంది. ఏప్రిల్ 1 బ్యాంకుల వార్షిక లెక్కల ముగింపు రోజు, అది కూడా పనిదినం కాదు. బాబాయ్ లాగా అమ్మిన రోజునే అమ్మకంగా రాసుకునేవారికి ఆ డబ్బు మార్చితో ముగిసిన సంవత్సరం ఆదాయమే, ఏప్రిల్‌లో చేతికి వచ్చినా సరే. మార్చి 31 రాత్రి డాష్‌బోర్డు తెరిచి, రావలసిన నిల్వ ఎంతుందో ఆ తెరను ఒక ఫోటో తీసి ఉంచుకోండి. లెక్కలు రాసేవారు జూన్‌లో అడిగేది ఆ సంఖ్యనే.